పరగడుపు అంటే కాఫీ తాగి రావడం కాదు

నేను చదివింది తమిళ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడిందే తప్ప రాసింది లేదు. రైల్వేలో రిటైరైన తర్వాతే అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ విషయంలో మాత్రం నేను సర్దుకునేది లేదు. ఈసారి గట్టిగానే రాస్తున్నాను.

సంగతి ఏమంటే, మన సంఘం మళ్లీ ఉచిత సక్కర పరీక్ష పెడుతోంది. పురట్టాసి మూడో శనివారం మరుసటి రోజు, ఆదివారం పొద్దున 9 గంటలకు అని గ్రూపులో నోటీసు వేశారు. నోటీసులో ఉన్నది ఒకే మాట: "అందరూ పరగడుపున రావాలి." కింద తమిళంలో "వెఱుం వయిఱ్ఱిల్ వరవుమ్". అంతే. దాని కింద ఒక తమ్ముడు "కాఫీ తాగొచ్చా?" అని అడిగితే, కమిటీలో ఉన్న పెద్దమనిషి ఒకరు "ఒక టంబ్లరు కాఫీకి ఏమవుతుంది, టిఫన్ తినకుండా వస్తే చాలు" అని జవాబు రాశారు. దానికి చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ జవాబు తప్పు. ఆ నోటీసు కూడా తప్పే. ఆ రోజు, ఆ వేళ పరీక్ష పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మూడింటికీ కారణం చెప్తాను.

మొదట ఆ పరగడుపు అనే మాట చూద్దాం. మన ఇళ్లలో పరగడుపు అంటే ఏమిటి? పొద్దున టిఫన్ తినక ముందు అని. కాఫీ మనకు తిండి లెక్కలోకి రాదు. "ఏమన్నా తిన్నావా అమ్మీ?" అంటే "ఇంకా ఏమీ లేదు, కాఫీ మాత్రం తాగినా" అనే కదా జవాబు. ఇంట్లో ఆ మాట సరే. రక్తం తీసే చోట అది సరిపోదు. పోయినసారి శిబిరంలో పేర్లు రాసే బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. వచ్చిన వాళ్లను "ఏమన్నా తిన్నారా?" అని అడిగితే లేదన్నారు. "ఏమన్నా తాగినారా?" అని రెండో ప్రశ్న వేస్తే అప్పుడు బయటికి వచ్చింది. కాఫీ, పాలు, రాగి గంజి, మెంతుల నీళ్లు, గుడి తీర్థం, ఒకాయనకు తమలపాకు వక్క. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మనం అడగవలసినది అడగలేదు.

దీనికి తోడు మనకు ఇంకొక అలవాటు ఉంది. మనకు తెలిసిన ఉపవాసం దేవుడి ఉపవాసం. ఏకాదశికి అన్నం మానితే ఉపవాసం. పాలు తాగొచ్చు, అరటిపండు తినొచ్చు. పురట్టాసి శనివారం ఒక్కపొద్దు ఉంటాము, పూజ అయిన తర్వాత ఒక పూట తింటాము. గట్టి నియమం పట్టేవాళ్లు నీళ్లు కూడా ముట్టరు. రక్తపరీక్ష ఉపవాసం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఒప్పుకున్న పాలు, పండు ఇక్కడ కుదరవు. అక్కడ కొందరు మానేసే నీళ్లు ఇక్కడ తాగొచ్చు. పుణ్యం, పాపం దీనిలో లేవు. ఒక కొలత సరిగా రావడానికి పెట్టుకున్న నియమం, అంతే. వైద్యుల పుస్తకంలో దాని అర్థం ఒకే వాక్యం: కనీసం 8 గంటలు ఒంటికి శక్తి ఇచ్చే ఏ పదార్థమూ లోపలికి పోకూడదు. నమిలామా, తాగామా, చప్పరించామా అన్నది లెక్కలోకే రాదు.

ఎనిమిదే ఎందుకు, నాలుగు చాలదా అని మా మనవడే అడిగాడు. మంచి ప్రశ్న. మా కోడలు ల్యాబ్‌లో పని చేస్తుంది. ఆమె నాకు చెప్పింది నా మాటల్లో చెప్తాను.

నేను కొన్నాళ్లు గూడ్సు షెడ్డులో పని చేశాను. ప్రతి వ్యాగన్ పక్కన దాని ఖాళీ బరువు పెయింటుతో రాసి ఉంటుంది. దాన్ని టేర్ వెయిట్ అంటాము. సరుకు ఎంత ఉందో తెలియాలంటే ముందు ఆ ఖాళీ బరువు తెలియాలి. వ్యాగన్‌లో నాలుగు మూటలు మిగిలి ఉండగా తూచి, ఇదే ఖాళీ బరువు అని రాస్తే ఆ తర్వాత వేసే లెక్కంతా తప్పే. ఫాస్టింగ్ సక్కర అంటే మన ఒంటికి ఆ టేర్ వెయిట్ లాంటిది. తిన్నది అంతా దిగిపోయిన తర్వాత, ఒళ్లు తనంతట తాను రక్తంలో ఎంత సక్కర ఉంచుకుంటుంది అన్నది ఆ అంకె.

రాత్రి మనం తింటాము. అన్నమో దోసెలో పేగుల్లో కరిగి సక్కరై రక్తంలోకి వస్తుంది. జబ్బు లేని మనిషికి రెండు మూడు గంటల్లో అది మామూలు మట్టానికి దిగుతుంది. సక్కర జబ్బు ఉన్నవాళ్లకు అంతకన్నా ఆలస్యమవుతుంది. నూనె, కొవ్వు ఎక్కువగా తింటే కడుపు ఖాళీ కావడమే ఆలస్యం. పరోటా తిన్న రాత్రి ఎట్లా ఉంటుందో మీకే తెలుసు. మామూలు భోజనం పేగుల నుంచి పూర్తిగా లోపలికి పోవడానికి అయిదారు గంటలు పట్టొచ్చు. కాబట్టి నాలుగు గంటలకు తీస్తే, ఆ అంకెలో రాత్రి తిన్నది ఎంత, ఒళ్లు ఇచ్చింది ఎంత అని విడదీయడానికి దారి లేదు. ఎనిమిది గంటలు పెడితే ఎవరికైనా, ఏ భోజనమైనా దిగిపోతుంది.

మరి తిండి అయిపోయిన తర్వాత రక్తంలో సక్కర ఎక్కడి నుంచి వస్తుంది? మెదడు నిద్రలో కూడా సక్కర ఖర్చు చేస్తూనే ఉంటుంది కదా. ఇక్కడ కాలేయం పని మొదలవుతుంది. తమిళంలో కల్లీరల్ అంటాము. అది పగలు దాచుకున్న సక్కరను రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. 60 కిలోల మనిషికి గంటకు సుమారు 7 గ్రాములు, అంటే ఒకటిన్నర స్పూను. ఎంత వదలాలో చెప్పేది ఇన్సులిన్. "చాలు, ఆపు" అని అదుపు చేస్తుంది. ఇన్సులిన్ తక్కువైనా, దాని మాట కాలేయం వినకపోయినా, కాలేయం అవసరానికి మించి వదులుతుంది. మనిషి ఏమీ తినకుండా పడుకుని ఉన్నా తెల్లారేసరికి రక్తంలో సక్కర ఎక్కి ఉంటుంది. ఫాస్టింగ్ పరీక్ష పట్టుకునేది దీన్నే. "నేను రాత్రి రెండు ఇడ్లీలే తిన్నాను, ఎందుకు ఎక్కువ వచ్చింది?" అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇదే. అది ఇడ్లీ లెక్క కాదు, రాత్రంతా కాలేయం చేసిన పని లెక్క.

ఇప్పుడు ఆ "ఒక టంబ్లరు కాఫీకి ఏమవుతుంది" అనే మాటకు వస్తాను. లెక్క వేసి చూపిస్తాను. నేను క్లర్కును, లెక్క లేకుండా మాట్లాడితే నాకు నిద్ర పట్టదు.

పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఫాస్టింగ్‌లో మామూలు సక్కర 100 మిల్లీలీటర్లకు 90 మిల్లీగ్రాములు అనుకోండి. 5 లీటర్లలో 100 మిల్లీలీటర్లు 50 సార్లు ఉన్నాయి. 50ని 90తో గుణిస్తే 4,500 మిల్లీగ్రాములు, అంటే నాలుగున్నర గ్రాములు. మన ఒంట్లో రక్తమంతా కలిపినా ఉన్న సక్కర ఒక చిన్న స్పూను కూడా నిండదు! మన ఇంటి కాఫీలో రెండు స్పూన్ల సక్కర వేస్తే 10 గ్రాములు. 100 మిల్లీలీటర్ల పాలు పోస్తే అందులో పాలకు పుట్టుకతో వచ్చిన సక్కర ఇంకో 5 గ్రాములు. మొత్తం 15. అందులో సగం వేరే రకం సక్కర, పరీక్షలో లెక్కకు రాదు అని తీసేసినా ఏడెనిమిది గ్రాములు మిగులుతాయి. రక్తమంతటిలో ఉన్నదానికన్నా ఎక్కువ, ఒక్క టంబ్లరులో. అదంతా ఒకేసారి రక్తంలో నిలవదు, నిజమే. వస్తూ ఉండగానే ఒళ్లు దాన్ని తీసుకుపోతూ ఉంటుంది. కానీ ఆ పని జరుగుతున్న ముప్పై, అరవై నిమిషాల్లోనే కదా మనం వరసలో నిలబడి చెయ్యి చాపేది.

సక్కర వేయని కాఫీ అయితే? అప్పుడు పాలు ఉన్నాయి. పాలు కూడా లేని కడుంగాప్పి అయితే? దానిలో శక్తి లేనట్టే, కానీ కెఫీన్ ఉంది. అది ఒంటిని ఉసిగొల్పి కొందరిలో సక్కరను కొంచెం ఎక్కిస్తుంది. కొలత తీసే రోజు దాన్ని కూడా పక్కన పెట్టండి. ఒక గంట ఆగితే కాఫీ ఎక్కడికీ పోదు.

ఇందువల్ల ఏం జరుగుతుందో నా కళ్లతో చూసింది చెప్తాను. పేరు చెప్పను. నాకు వదిన వరస. పోయిన శిబిరానికి ముందు రోజు పెళ్లి భోజనం రాత్రి 10:30కి. పొద్దున 6 గంటలకు సక్కర వేసిన కాఫీ. 7:15కి రక్తం తీశారు. వదిన లెక్క ఏమంటే, రాత్రి 10:30 నుంచి 7:15 దాకా 8 గంటల 45 నిమిషాలు, నియమం తప్పలేదు అని. నిజంగా చూస్తే కాఫీ తాగి గంటా పావే అయింది. గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలు కావలసింది. అంకె 131 వచ్చింది.

హద్దు ఎంతో మీకు తెలిసే ఉంటుంది. 100 లోపల మామూలు. 100 నుంచి 125 దాకా హద్దు మీద ఉన్నట్టు, జాగ్రత్త పడమని. 126, ఆ పైన సక్కర జబ్బు. (వెనక ఈ హద్దు 140 ఉండేది. అమెరికా డయాబెటిస్ సంఘం నిపుణులు 1997లో 126కు దించారు.) ఈ హద్దులన్నీ 8 గంటలు ఏమీ తీసుకోని మనిషికి గీసిన గీతలు. కాఫీ తాగిన మనిషికి కావు. పైగా లక్షణాలు ఏమీ లేనివాళ్లకు ఒక్క అంకె చూసి జబ్బు అని తేల్చకూడదు, ఇంకోసారి పరీక్ష చేసి రెండూ చూడాలి అన్నది కూడా నియమమే. మన చీటీ మీద ఇవేవీ లేవు. ఎర్ర సిరాతో 131 అని, దాని కింద "షుగర్" అని మాత్రం ఉంది.

వదిన ఆ చీటీ తీసుకుని ఇంటికి పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక నెల ఎట్లా గడిచిందో నేను చూశాను. అన్నం మానేసింది. మనవరాలి పుట్టినరోజుకు పాయసం ముట్టలేదు. కూతురికి సంబంధం చూస్తున్నారు, "సక్కర ఉన్న ఇల్లు అంటారేమో" అని రాత్రుళ్లు ఏడ్చింది. వాళ్లక్క వాడే మాత్ర ఒకటి అడిగి మింగబోతే మా కోడలు ఆపింది. తర్వాత మేమే పిలుచుకుపోయాము. ముందు రోజు రాత్రి 8:30కి మామూలు భోజనం, ఆ తర్వాత వట్టి నీళ్లు, పొద్దున 6:45కి రక్తం. 10 గంటలా పావు. అంకె 97. వారం తర్వాత ఇంకోసారి చేస్తే 95. ఒక టంబ్లరు కాఫీకి ఏమవుతుంది అని అడిగారు కదా. ఇది అవుతుంది.

ఇక ఏమేమి ఉపవాసాన్ని చెడుపుతాయో మన ఇళ్ల లెక్కలోనే చెప్తాను. కాఫీ, టీ, పాలు, హార్లిక్స్ గురించి ఇక చెప్పక్కర్లేదు. రాగి గంజి, మజ్జిగ, చద్దన్నం నీళ్లు తిండి కిందే లెక్క. కొబ్బరి బొండం నీళ్లు చూడటానికి నీళ్లే, లోపల సక్కర ఉంది. సుక్కు కాఫీలో కరుపట్టి వేస్తాము, అది "నాటు సక్కర, మంచిది" అంటారు. మంచిదో కాదో తర్వాత సంగతి, రక్తానికి అదీ సక్కరే. తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్లు కూడా అంతే. వట్టి తులసి తీర్థం ఒక గుటక పరవాలేదు, కానీ పంచామృతం, పొంగలి, సక్కర పొంగలి పరీక్ష తర్వాతే. గొంతు నొప్పికి చప్పరించే బిళ్లలు, దగ్గు మందు తీపిగా ఉంటాయి, వాటిలో చాలావాటికి సక్కరే ఆధారం. చూయింగ్ గమ్, తమలపాకు వక్క, పొగాకు, బీడీ, సిగరెట్టు, ఇవి కూడా వద్దు.

మెంతుల నీళ్ల గురించి విడిగా చెప్పాలి. రాత్రి నానబెట్టి పొద్దున తాగేవాళ్లు మనలో చాలామంది. "అది సక్కరను తగ్గించేదే కదా, ఎక్కించదు కదా" అంటారు. అందుకే వద్దంటున్నాను. పరీక్ష అంకెను ఎక్కించడానికీ కాదు, దించడానికీ కాదు, ఉన్నది ఉన్నట్టు చూడడానికి. పరీక్షకు ముందు చెరువు గట్టు మీద గంటసేపు వేగంగా నడిచి రావడం కూడా ఇదే కోవ. నడక మంచిదే, రక్తం ఇచ్చిన తర్వాత నడవండి. వేలి నుంచి చుక్క తీసే యంత్రమైతే ఇంకొకటి. చేతికి పండు రసమో ప్రసాదమో అంటి ఉంటే ఆ సక్కర కూడా అంకెలో కలిసి వస్తుంది. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వేలు చాపండి.

ఏది పరవాలేదు? వట్టి నీళ్లు. కావలసినంత తాగండి. నీళ్లు మానేసి వస్తే ఒళ్లు ఎండి నరం దొరక్క నాలుగు పోట్లు పడతాయి, లాభం ఏమీ లేదు. పళ్లు తోముకుని ఉమ్మేయండి, దానివల్ల ఏమీ కాదు. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర రోజూ పొద్దున వేసుకునేవాళ్లు, డాక్టరు వేరుగా చెప్పి ఉంటే తప్ప, నీళ్లతో వేసుకోవచ్చు. సక్కర మాత్ర సంగతి మాత్రం వేరు. దానికి ఇప్పుడు వస్తాను, ఎందుకంటే అక్కడ ప్రాణం సంగతి ఉంది.

పోయిన శిబిరంలోనే జరిగింది. మన పెద్దాయన ఒకరు, చాలా ఏళ్లుగా సక్కరకు మాత్రలు వాడుతున్నారు. ఎంత ఎక్కువసేపు పస్తు ఉంటే అంత మంచి అంకె వస్తుందని రాత్రి 7 గంటలకే ఇంత ఉప్మా తిని పడుకున్నారు. పొద్దున అలవాటుగా మాత్ర వేసుకున్నారు. 8 గంటలకు మొదలు కావలసిన శిబిరం, ప్రారంభోత్సవానికి అతిథి వచ్చేదాకా ఆగి, 10 దాటాక మొదలైంది. వరసలో ఆయన వంతు వచ్చేసరికి 11. పదహారు గంటలు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పారు. వేలి చుక్క తీస్తే 52. వెంటనే సక్కర నీళ్లు పట్టించాము, కాసేపటికి తేరుకున్నారు. ఆ రోజు మా కోడలు అక్కడ లేకపోతే "వయసు కదా, నీరసం" అని కుర్చీలో పడుకోబెట్టి ఉండేవాళ్లం.

జరిగింది ఏమిటంటే, కొన్ని రకాల సక్కర మాత్రలు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తాయి. ఇన్సులిన్ సూది సంగతీ అంతే. అవి తిండితో లెక్క వేసి ఇచ్చినవి. తిండి లేకుండా అవి పని చేస్తే సక్కర ప్రమాదకరంగా దిగిపోతుంది. కాబట్టి పొద్దున వేసుకోవలసిన సక్కర మాత్ర, పొద్దున సూది, రక్తం ఇచ్చిన తర్వాత టిఫన్‌తో తీసుకోవాలి. రాత్రి సూది వేసుకునేవాళ్లు దాన్ని తమంతట తాము మానకూడదు, ముందే తమ డాక్టరును అడిగి పెట్టుకోవాలి. 70 కన్నా దిగితే, లేదా వణుకు, చెమట వస్తే, పరీక్ష గిరీక్ష వదిలేసి వెంటనే మూడు స్పూన్ల సక్కర నీళ్లలో కలిపి తాగండి. ఆ రోజు పరీక్ష పోతే ఇంకో రోజు వస్తుంది. మనిషి స్పృహ తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎనిమిదికి పైన ఎంతసేపైనా మంచిదే అనుకోకండి. పదీ పన్నెండు సరే. పద్నాలుగు దాటనివ్వకూడదు. కాలేయంలో దాచిన సక్కర 100 గ్రాముల చుట్టూ ఉంటుంది. గంటకు ఏడు చొప్పున లెక్క మీరే వేసుకోండి. నిల్వ తగ్గేకొద్దీ ఒళ్లు వేరే దారులు పట్టి నడుస్తుంది, అప్పుడు తీసిన అంకె మామూలు రాత్రి తర్వాతి అంకెతో సరిపోలదు.

ఇప్పుడు మన కమిటీ పెట్టిన తేదీ చూడండి. పురట్టాసి మూడో శనివారం. మనలో ఎన్నో ఇళ్లలో ఆ రోజు పొద్దునంతా ఏమీ తినరు, తళిగ పెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక్కపొద్దు భోజనం. అంతటితో సరి. ఆదివారం 9 గంటలకు శిబిరం. ఒంటిగంట నుంచి 9 దాకా 20 గంటలు! రాత్రి పాలు పండు తీసుకునేవాళ్లు వేరు, తీసుకోనివాళ్లు వేరు, వాళ్లకు తెలియదు మనం అడగము. అందులో మాత్ర వేసుకుని వచ్చే పెద్దవాళ్లు ఎంతమంది? పోయినసారి ఒకాయనకు జరిగింది ఈసారి నలుగురికి జరగాలా?

నాకు వచ్చే ఎదురు మాటలు కూడా తెలుసు. "మూడు నెలల సగటు చూపే పరీక్ష ఉంది కదా, దానికి ఉపవాసమే అక్కర్లేదు" అంటారు ఒకరు. నిజమే. హెచ్‌బీఏ1సీ ఎప్పుడైనా ఇవ్వొచ్చు, అందులో 6.5 శాతం, ఆ పైన అయితే సక్కర జబ్బు. పరీక్షకు ముందు మూడు రోజులు పత్యం ఉండి మంచి అంకె తెచ్చుకునేవాళ్లను కూడా అది పట్టేస్తుంది. కానీ దానికి డబ్బు ఎక్కువ, రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో అది తప్పుదారి పట్టించగలదు. సంఘం దాన్ని పెట్టగలిగితే సంతోషం. అంతవరకు చేస్తున్నదాన్నైనా సరిగా చేయాలి కదా.

"మక్కళై తేడి మరుత్తువం వాళ్లు ఇంటికే వచ్చి ఎప్పుడంటే అప్పుడు చూస్తున్నారు, వాళ్లు 8 గంటలు అడగడం లేదే" అంటారు ఇంకొకరు. 2021లో ఆ పథకం వచ్చినప్పటి నుంచి మన వీధుల్లోకి కూడా వస్తున్నారు, మంచి పనే. కానీ వాళ్లు వచ్చే వేళకు మనం తిని ఉంటాము. అది ఏ వేళైనా తీసే పరీక్ష, దానికి హద్దు వేరు. అనుమానం ఉన్నవాళ్లను పైకి పంపడానికి అది. ఆ అంకెను తెచ్చి ఫాస్టింగ్ గీత పక్కన పెట్టి చూడడం, ప్లాట్‌ఫాం టికెట్ చూపించి రైలెక్కడం లాంటిది.

"నా డాక్టరే కాఫీ తాగమన్నాడు" అనేవాళ్లు కొందరు. ఏ పరీక్షకు చెప్పారో మళ్లీ అడిగి రండి.

నేను కమిటీని అడిగేవి నాలుగు. ఒకటి, తేదీ పురట్టాసి దాటాక పెట్టండి. రెండు, పొద్దున 6:30కి మొదలుపెట్టి 8:30కి రక్తం తీయడం ముగించండి. సక్కర మాత్రలు, సూది వాడేవాళ్లు, డెబ్భై దాటినవాళ్లు వరసలో ముందు. అతిథి ఆలస్యమైతే అతిథి లేకుండానే మొదలుపెట్టండి, శాలువ తర్వాత కప్పొచ్చు. మూడు, పేర్లు రాసే బల్ల దగ్గర "తిన్నారా" అని కాకుండా "నీళ్లు కాక చివరగా నోట్లో వేసుకున్నది ఏమిటి, ఎన్ని గంటలకు?" అని అడిగి ఆ వేళ చీటీ మీద రాయండి. ఎనిమిది గంటలు కాకపోతే ఆ రోజు ఫాస్టింగ్ అని రాయకండి. మిల్లులో నైట్ షిఫ్ట్ చేసి రాత్రి 2 గంటలకు టీ తాగి నేరుగా వచ్చే మన పిల్లలకు ఇంకో రోజు ఇవ్వండి. నాలుగు, చీటీ మీద జబ్బు పేరు రాయకండి. అంకె రాసి, ఎక్కువగా ఉంటే "డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోండి" అని రాయండి.

నోటీసు కూడా నేనే రాసిస్తున్నాను, తమిళంలోకి మార్చి రెండూ వేయండి: "రాత్రి 9 గంటల లోపల మామూలుగా భోంచేయండి. ఆ తర్వాత వట్టి నీళ్లు తప్ప ఏమీ వద్దు. కాఫీ, టీ, పాలు, మెంతుల నీళ్లు, తమలపాకు కూడా వద్దు. సక్కర మాత్ర, సూది పొద్దున వేసుకోకుండా వెంట తెచ్చుకోండి, టిఫన్‌తో వేసుకుందురు. వణుకు, చెమట వస్తే ఆగకుండా చెప్పండి."

రక్తం తీసిన వెంటనే ఆ పక్క గదిలోనే ఇడ్లీ, కాఫీ పెట్టండి. ఆ ఖర్చు నేను ఇస్తాను. కాఫీకి నేను శత్రువును కాను. వేళ తప్పిన కాఫీకే.